అబద్ధపు డేట్

లేడీస్ హాస్టల్లో ఎవరికి డేట్ వచ్చిందో ఎవరూ అడగకపోయినా అందరికీ తెలిసిపోతుంది. నలుగురికీ కలిపి ఒకటే బాత్రూమ్, ఒకటే చెత్తబుట్ట. అర్ధరాత్రి పూట "ఒక ప్యాడ్ ఉంటే ఇయ్యవే" అని అడిగే చేబదుళ్ళు. ఇలాంటి చోట నెలల తరబడి డేట్ రాకపోతే ఆ సంగతి ఊరికే దాగదు, పనిగట్టుకుని దాచాలి. ఈ అధ్యాయంలో అమ్మాయి అలాగే దాచింది. ఆమెను మౌనిక అనుకుందాం. ఇరవై ఏళ్ళు, మిర్యాలగూడ వైపు అమ్మాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ సాయంత్రాలు బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్ళేది. ఇది ఒక్కరి కథ కాదు. ఇలాంటి పలువురి అనుభవాలను కలిపి చెబుతున్నాను.

మౌనికకు చివరిసారి డేట్ వచ్చింది జూన్ 9న. అంతకుముందు రెండు నెలలూ వచ్చిందంటే వచ్చిందన్నట్టు ఒకటిన్నర రోజు కనిపించి ఆగిపోయింది. జులైలో రాలేదు. ఎండలు, పరీక్షలు, తిండి అని తనకు తానే సర్దిచెప్పుకుంది. అందులో తప్పు లేదు కూడా. ఎప్పుడూ సక్రమంగా వచ్చేవాళ్ళకు ఒక నెల తప్పడం అరుదేమీ కాదు. ఆగస్టులోనూ రాకపోయేసరికి భయం మొదలైంది. అయితే ఆ భయం జబ్బు గురించి కాదు. ఆమెకు ఎవరితోనూ శారీరక సంబంధం లేదు, గర్భం వచ్చే అవకాశమే లేదు. అయినా "డేట్ రాలేదు" అని పైకి అంటే వినేవాళ్ళ బుర్రలో ముందు మెదిలేది అదే కదా అన్నది ఆమె దిగులు.

దాంతో నాటకం మొదలైంది. నెలనెలా ప్యాడ్ల ప్యాకెట్ కొనేది. నెలలో నాలుగు రోజులు వాడని ప్యాడ్‌నే కాగితంలో చుట్టి బుట్టలో పడేసేది. వాళ్ళమ్మ ఫోన్‌లో "డేట్ ఎప్పుడే?" అని అడిగితే ప్రతి నెలా 18 అని చెప్పేది. బతుకమ్మకు ఇంటికి వెళ్ళినప్పుడైతే, అనుమానం రాకూడదని తనకు డేట్ వచ్చిందని చెప్పి, పూలు ముట్టుకోకుండా రెండు రోజులు ఓ పక్కన కూర్చుంది. రాని డేట్ కోసం పండగ వదులుకుంది.

దాస్తూనే తనకు తోచిన వైద్యం కూడా చేసుకుంది. బొప్పాయి, నువ్వుల ఉండలు, బెల్లం పానకం, అన్నీ అయ్యాయి. వీటితో నష్టం లేదు, వీటి వల్ల ఆగిన నెలసరి తిరిగి రావడమూ లేదు. ఒకరోజు మందుల షాపులో "డేట్ రావడానికి" మాత్రలు అడుగుదామని బయల్దేరి, షాపు ముందు మగవాళ్ళున్నారని వెనక్కి వచ్చేసింది. ఆ సిగ్గు ఒక విధంగా ఆమెను కాపాడిందనే చెప్పాలి. అలా అడిగినవాళ్ళకు కొన్ని చోట్ల హార్మోను మాత్రలు ఇస్తారు, కొన్ని చోట్ల ఏకంగా గర్భస్రావం మాత్రలే చేతిలో పెడతారు. కారణం తెలియకుండా వేసుకుంటే ఏది ఏం చేస్తుందో చెప్పలేం.

సెప్టెంబరు చివర్లో ఇంకో సంగతి జరిగింది. స్నానం చేస్తుండగా రొమ్ము నుంచి పాలలాంటి తెల్లటి చుక్కలు వచ్చాయి. మర్నాడు నైటీ మీద మరక. ఇక ఆ రోజు నుంచి మౌనిక పుస్తకం తెరిచిందే కానీ చదవలేదు. కాన్సరేమో అనుకుంది. సంబంధమే లేకుండా కడుపు వచ్చిందేమో అని కూడా అనుకుంది. భయం ముదిరితే చదువుకున్న బుర్ర కూడా అంతే.

సంగతి బయటపడింది రజియా వల్ల. కర్నూలు అమ్మాయి, పక్క మంచం. బుట్టలో పడేసిన ప్యాడ్ కాగితం విప్పుకుని ఉండటం, అది తెల్లగా ఉండటం ఆమె కంటబడ్డాయి. అందరి ముందూ అడగలేదు. రాత్రి మేడ మీద బట్టలు తీస్తూ, "నీకు డేట్ వచ్చి ఎన్నాళ్ళయింది? అబద్ధం చెప్పకే నాకు" అంది. మౌనిక ఏడ్చింది, ఆ తరువాత మొత్తం చెప్పింది.

రజియా ఆ పూట చేసిన పనుల్లో రెండు గుర్తుపెట్టుకోదగ్గవి. "ఏం కాదులే" అని తేల్చేయలేదు, ఫోన్‌లో వెతికి జబ్బుల పేర్లూ చదివి వినిపించలేదు. మొదటిది, ఒక కాగితం తీసి, మౌనిక చెబుతుంటే రాసింది: చివరిసారి నిజంగా వచ్చింది ఎప్పుడు, అంతకుముందు ఎన్ని రోజులకోసారి వచ్చేది, బరువు పెరిగిందా తగ్గిందా, మొహం మీద మొటిమలో వెంట్రుకలో ఎక్కువయ్యాయా, రొమ్ము నుంచి చుక్కలు ఎప్పటినుంచి, తలనొప్పి ఉందా, చూపు మసకబారుతోందా. డాక్టర్ దగ్గర నోరు పెగలకపోతే ఆ కాగితం ఇవ్వొచ్చు. రెండోది ఫోన్ నంబరు. ఓపీ చీటీ మీద, ల్యాబ్ రసీదు మీద ఏ నంబరు రాయిస్తే రిపోర్టులు దానికే వెళతాయి. ఇంట్లోవాళ్ళ నంబరు ఇవ్వడం అలవాటైపోయిన మౌనికకు అది తట్టలేదు. "నీ నంబరే చెప్పు" అని రజియా ముందే హెచ్చరించింది. హాస్టల్ అవుట్ రిజిస్టర్‌లో "హాస్పిటల్" అని మాత్రం రాశారు. దేనికని వార్డెన్ అడిగితే చెప్పాల్సిన పని లేదు. పద్దెనిమిది నిండిన అమ్మాయి తన వైద్యానికి తానే ఒప్పుకోవచ్చు.

వెళ్ళింది దగ్గర్లోని ఒక గైనిక్ క్లినిక్‌కి. లోపల డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "లాస్ట్ డేట్ ఎప్పుడమ్మా?" మౌనిక నోట్లోంచి తడుముకోకుండా వచ్చిన జవాబు, "పోయిన నెల 18."

నెలల తరబడి అమ్మకు చెబుతూ వచ్చిన అబద్ధం అలవాటుగా డాక్టర్ దాకా వచ్చేసింది. రజియా మోచేత్తో పొడిచింది. డాక్టరమ్మకు ఇది కొత్త కాదేమో, రజియాను కాసేపు బయట కూర్చోమని పంపి, తలుపు వేసి మళ్ళీ అడిగారు. ఈసారి మౌనిక జూన్ 9 అని చెప్పింది. ఆ తేదీ మీదే మిగతా అంతా ఆధారపడుతుంది. నెల రోజుల క్రితం డేట్ వచ్చిన అమ్మాయికి నెలసరి కోసం ఏ పరీక్షా అక్కర్లేదు, అయిదు నెలలు రాని అమ్మాయికి కావాలి. సక్రమంగా వచ్చేవాళ్ళకు మూడు నెలలు వరసగా ఆగితే, మొదటినుంచీ అటూ ఇటూగా వచ్చేవాళ్ళకు ఆరు నెలలు ఆగితే కారణం వెతకాలన్నది వైద్యుల లెక్క.

తరువాతి ప్రశ్న "పెళ్ళయిందా?" మన క్లినిక్‌లలో ఈ ప్రశ్నకు అసలు అర్థం వేరు: శారీరక సంబంధం ఉందా అని. డాక్టర్లు నేరుగా అడిగితే బాగుండునని నాకు అనిపిస్తుంది, కానీ చాలామంది ఇలాగే అడుగుతారు. కాబట్టి జవాబు పెళ్ళి గురించి కాకుండా ఆ సంగతి గురించి చెప్పాలి. సంబంధం ఉంటే ఉందని, లేకపోతే లేదని. స్కాన్ ఏ పద్ధతిలో చేయాలన్నది కూడా దీన్ని బట్టే ఉంటుంది. సంబంధం లేనివాళ్ళకు పొట్ట మీదనుంచే చేస్తారు. నీళ్ళు బాగా తాగి, మూత్రం ఆపుకుని వెళితే గర్భసంచి స్పష్టంగా కనిపిస్తుంది.

సంబంధం లేదని చెప్పినా మూత్ర పరీక్ష రాశారు. మౌనిక ముఖం మాడిపోయింది. దీన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. నెలసరి ఆగిందని వచ్చిన ప్రతి మనిషికీ, ఎవరు ఏం చెప్పినా, ముందు గర్భం లేదని తేల్చుకున్నాకే తక్కిన దారి వెతుకుతారు. కాసేపటికే ఫలితం వచ్చింది: నెగెటివ్.

ఒకవేళ పాజిటివ్ వచ్చి ఉంటే? ఇది చదివేవాళ్ళలో ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఉండొచ్చు కనుక రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. గర్భం వారాలను చివరి డేట్ మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. అంటే డేట్ తప్పిందని తెలిసే రోజుకే నాలుగు వారాలు దాటి ఉంటాయి, రెండు నెలలు దాస్తే పన్నెండుకు చేరుతుంది. 2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవచ్చు. కొన్ని వర్గాలవారికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు గడువుంది. పెళ్ళికాని స్త్రీలను ఆ వర్గాల నుంచి మినహాయించడం కుదరదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పద్దెనిమిది నిండితే ఆమె అంగీకారం ఒక్కటే చాలు, పేరు బయటపెట్టకూడదని కూడా ఆ చట్టమే అంటోంది. పద్దెనిమిది లోపు అయితే సంరక్షకుల అంగీకారం అవసరం.

మౌనిక సంగతికి వద్దాం. రొమ్ము నుంచి పాలలాంటి చుక్కలు వస్తున్నాయని కాగితంలో చూడగానే డాక్టరమ్మ కాసేపు ఆగారు. "ఏమైనా మందులు వాడుతున్నావా?"

"లేదు మేడం. ఏం వాడట్లేదు."

రజియాను లోపలికి పిలిచాక డాక్టరమ్మ అదే ప్రశ్న మళ్ళీ వేశారు. "అదే, పొద్దున్నే వేసుకుంటావు కదనే, గ్యాస్‌కి?" అంది రజియా. మౌనిక బ్యాగ్ ముందు అరలో నాలుగు మాత్రలు మిగిలిన స్ట్రిప్ ఉంది. ఏప్రిల్‌లో కడుపు ఉబ్బరం, పుల్లటి తేన్పులు మొదలైతే సందు చివర మందుల షాపులో ఇచ్చాడు. పరగడుపున ఒకటి వేసుకోమన్నాడు. వేసుకున్న రోజు హాయిగా ఉంది, మానేసిన రోజు మళ్ళీ మంట. అలా ఏడు నెలలు. ఆమె దృష్టిలో అది మందు కాదు, టీ తాగినట్టే.

స్ట్రిప్ వెనక సన్నటి అక్షరాల్లో రెండు మందుల పేర్లున్నాయి: రాబిప్రజోల్ 20 మిల్లీగ్రాములు, లెవోసల్పిరైడ్ 75 మిల్లీగ్రాములు. మొదటిది కడుపులో ఆమ్లం తగ్గిస్తుంది, దానితో పేచీ లేదు. కిటుకంతా రెండోదానిలో ఉంది.

అది కడుపు కదలికను ఎలా పెంచుతుందంటే, డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుని. ఆ అడ్డగింత కడుపుతో ఆగదు. మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను అక్కడే తయారవుతుంది. దాన్ని అదుపులో పెట్టే కళ్ళెం డోపమైనే. కళ్ళెం తెగితే ప్రొలాక్టిన్ పరుగెడుతుంది. బిడ్డకు పాలిచ్చే తల్లికి కొన్నాళ్ళు డేట్ రాదన్నది మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. అక్కడ జరిగేదీ ఇదే: ప్రొలాక్టిన్ పెరిగితే అండాశయాలకు మెదడు నుంచి వెళ్ళే సంకేతాలు తగ్గిపోతాయి, అండం విడుదల కాదు, నెలసరి ఆగుతుంది. పెళ్ళి కాని, బిడ్డ లేని మౌనిక శరీరాన్ని ఒక గ్యాస్ మాత్ర పాలిచ్చే తల్లి శరీరంలా నడిపించింది.

గ్యాస్ మాత్రల్లో తరచూ కలిపే డామ్‌పెరిడోన్ కూడా ఈ పని చేయగలదు. వాంతులకు ఇచ్చే మెటాక్లోప్రమైడ్ కూడా అంతే. మాత్ర పేరు చివర డి, డిఎస్ఆర్, ఎల్ లాంటి అక్షరాలుంటే రెండో మందు ఏదో కలిసిందని అనుమానించొచ్చు, కానీ కంపెనీకో పద్ధతి కాబట్టి వెనక సన్న అక్షరాలు చదవడమే నమ్మకం. ఇవన్నీ చెడ్డ మందులని కాదు. డాక్టర్ చీటీ మీద కొన్నాళ్ళకు ఇవ్వాల్సిన వాటిని చీటీ లేకుండా నెలలకు నెలలు మింగడం దగ్గరే చిక్కు. వేసుకున్న అందరికీ డేట్ ఆగిపోదు కూడా. ఆగినప్పుడు మాత్రం దీన్ని ఎవరూ అనుమానించరు.

స్ట్రిప్ దొరికింది కదా అని డాక్టరమ్మ అక్కడితో తేల్చేయలేదు. ప్రొలాక్టిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, పొట్ట స్కాన్ రాశారు. థైరాయిడ్ తగ్గినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది, కాబట్టి అది చూడక తప్పదు. ప్రొలాక్టిన్‌కు రక్తం ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పారు: నిద్ర లేచిన వెంటనే కాకుండా కనీసం రెండు గంటలు ఆగి రమ్మన్నారు. నిద్రలో అది సహజంగానే ఎక్కువగా ఉంటుంది. పరుగెత్తుకొచ్చినా, కంగారులో ఉన్నా కొంత పెరుగుతుంది.

ప్రొలాక్టిన్ 142 వచ్చింది. గర్భం లేని స్త్రీలలో ఇది మామూలుగా 25 లోపు ఉంటుంది. థైరాయిడ్ బాగుంది. స్కాన్ రిపోర్టులో గర్భసంచి పొర పలచగా ఉందని, అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగలు ఎక్కువగా ఉన్నాయని రాశారు. ఆ రెండో ముక్క చూసి మౌనిక "పీసీఓడీనా మేడం?" అని అడిగేసింది. హాస్టల్లో ఆ పేరు వినని అమ్మాయి ఉండదు. నెలసరి తప్పడానికి అది చాలా మామూలు కారణమే, కానీ రజస్వల అయిన తరువాత తొలి ఎనిమిదేళ్ళు ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిల్లో కూడా స్కాన్‌లో అలాంటి బుడగలు కనిపిస్తాయి. అందుకే ఆ వయసులో స్కాన్ చూసి పీసీఓడీ అని ముద్ర వేయకూడదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మౌనిక పదమూడో ఏట పెద్దమనిషి అయింది, అంటే ఇంకా ఏడేళ్ళే. ఆమెకు మొటిమలు, అవాంఛిత రోమాలు లేవు. స్ట్రిప్ సంగతి ఎవరికీ తెలియకుండా ఈ స్కాన్ కాగితం ఒక్కటే చేతిలో ఉండి ఉంటే, పీసీఓడీ పేరుతో హార్మోను మాత్రలు, పొద్దున్నే గ్యాస్ మాత్ర రెండూ కలిపి నడిచేవి.

"డేట్ వచ్చేలా ఏదైనా మాత్ర ఇవ్వండి మేడం" అని మౌనిక బతిమాలింది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. మాత్రతో ఒకసారి రప్పిస్తే మనసుకు ఊరట తప్ప, ప్రొలాక్టిన్ అలాగే ఉంటే వచ్చే నెల మళ్ళీ ఇదే కథ. గ్యాస్ మాత్ర ఆపించి, రాబిప్రజోల్ ఒక్కటే ఉన్నది రెండు వారాలకు రాశారు. పొద్దున టిఫిన్ మానేసి రెండు టీలతో క్లాసుకు పరుగెత్తడం, రాత్రి పదకొండుకు పచ్చడన్నం తిని వెంటనే పడుకోవడం, అసలు మంటకు మూలం అవేనని ఆ రోజే తేలింది. టిఫిన్ చేయడం, అన్నం తొమ్మిదికే తినడం మొదలుపెట్టింది.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు, ఉదాహరణకు రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, కూడా ప్రొలాక్టిన్ పెంచుతాయి. వాటిని గ్యాస్ మాత్రలా సొంతంగా ఆపేయకూడదు. రాసిన డాక్టర్‌కు డేట్ ఆగిందని చెబితే మోతాదో మందో ఆయనే మారుస్తారు. గైనిక్ డాక్టర్‌కు కూడా ఆ మందుల పేర్లు దాచకుండా చెప్పాలి.

మందు ఆపిన రెండు వారాలకు మళ్ళీ రక్తం పరీక్ష చేస్తే ప్రొలాక్టిన్ 19కి దిగింది. దీనితో రెండు సంగతులు తేలాయి: కారణం ఆ మాత్రే, పిట్యూటరీలో గడ్డ లాంటిది వెతకాల్సిన పని లేదు. మందు ఆపినా తగ్గకుండా ఉండిపోతే, లేదా తలనొప్పితో పాటు పక్కచూపు తగ్గినట్టు అనిపిస్తే అప్పుడు మెదడుకు ఎంఆర్‌ఐ తీస్తారు. చుక్కలు నెల లోపలే ఆగిపోయాయి. ప్రతిరోజూ నొక్కి చూసుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు, నొక్కితే ఆ స్పర్శకే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. డేట్ మాత్రం ఆరో వారంలో వచ్చింది. అంకె దిగిన మర్నాడే రాదు, అండాశయాలు మళ్ళీ గాడిలో పడటానికి సమయం పడుతుంది.

అమ్మకు ఎప్పుడు చెప్పాలన్న ప్రశ్న మిగిలింది. రిపోర్టులు చేతికొచ్చాక చెప్పింది, అది మంచి పని. "డేట్ రావట్లేదమ్మా" అని మొదలుపెట్టకుండా "గ్యాస్ మాత్ర పడలేదు, హార్మోను పెరిగింది, డాక్టర్ ఆపించారు, తగ్గుతోంది" అని చెబితే వినేవాళ్ళకు ఊహించుకునే సందు ఉండదు. వాళ్ళమ్మ తిట్టింది, గ్యాస్ మాత్రలు మింగినందుకు కాదు, బతుకమ్మ రోజున పక్కన కూర్చున్నందుకు.

రజియా ఆ వారంలోనే గదిలో తక్కిన ఇద్దరి స్ట్రిప్‌లూ తిప్పి చూసింది. ఒకదాని వెనక డామ్‌పెరిడోన్ ఉంది. ఆ అమ్మాయికి డేట్ మామూలుగానే వస్తోంది. అయినా ఎన్ని నెలలుగా వాడుతోందో లెక్కేసుకుని, చీటీ రాయించుకునేందుకు డాక్టర్ దగ్గరకు వెళ్ళింది. మౌనికకు డాక్టరమ్మ ఇచ్చిన చివరి సూచన ఫోన్‌లో ప్రతి నెలా నిజమైన తేదీ రాసుకోమని. మూడు నెలల్లో రెండుసార్లయినా రాకపోతే ఆ తేదీలతో మళ్ళీ రమ్మన్నారు. అప్పుడు ఎఫ్ఎస్‌హెచ్, ఈస్ట్రోజన్ పరీక్షలు చూస్తామన్నారు.